రిపోర్టులో ‘ఎన్‌హాన్సింగ్ లీజన్’ అని ఉంటే క్యాన్సరేనా?

డాక్టర్ గారికి నమస్కారం. మాది మర్రిగూడ దగ్గర ఒక పల్లె. మా అమ్మకు 57 ఏళ్లు. పోయిన నెల వాకిట్ల జారి పడితే నల్లగొండ తీసుకపోయినం. సీటీ తీసి, దెబ్బ ఏం లేదు గానీ తలలో చిన్న గడ్డ ఉన్నట్టుంది, ఎంఆర్ఐ తీయించండి అన్నరు. హైదరాబాద్‌లో కాంట్రాస్ట్ ఎక్కించి తీసిండ్రు. రిపోర్టులో ఇట్ల ఉంది: ‘ఎడమ ఫ్రంటల్ కన్వెక్సిటీలో ఎక్స్‌ట్రా ఆక్సియల్, డ్యూరల్ బేస్డ్, హోమోజీనియస్‌గా ఎన్‌హాన్స్ అవుతున్న లీజన్, 22 × 18 × 19 మిల్లీమీటర్లు, డ్యూరల్ టెయిల్ ఉంది, చుట్టూ ఎడీమా లేదు. మెనింజియోమా కావచ్చు. డ్యూరల్ మెటాస్టాసిస్ తక్కువ అవకాశం.’

ఒక డాక్టర్ వచ్చే వారమే ఆపరేషన్ అన్నడు, ఫిట్స్ గోళీలు కూడా రాసిండు. అమ్మకు ఎన్నడూ ఫిట్స్ రాలే. ఇంకో డాక్టర్ ఆర్నెల్లు ఆగి మళ్లీ స్కాన్ తీద్దాం అన్నడు. మా బావేమో కాంట్రాస్ట్ పట్టుకుందంటే క్యాన్సరే అంటున్నడు. మా వాడకట్టులో ఒక పిల్లగానికి ఇట్లనే ‘ఎన్‌హాన్సింగ్ లీజన్’ అని వస్తే గోళీలతోనే కరిగిపోయింది, మరి అమ్మకు గోళీలెందుకు ఇస్తలేరు? అమ్మకు మెడ, నడుము పట్టేసి ఏండ్ల నుంచి నొప్పి గోళీలు వాడుతది, తలనొప్పి అప్పుడప్పుడు ఉంటది. పన్నెండేండ్ల కింద గర్భసంచి తీసేసిండ్రు. ఇదంతా మా ఊరి ఫ్లోరైడ్ నీళ్ల వల్లనేనా? మాఘంలో చెల్లె పెళ్లి ఉంది. ఏం చేయమంటరు?

— ఒక కొడుకు, నల్లగొండ జిల్లా

మీ బావ మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఇంట్లో అందరి నిద్ర పాడుచేస్తున్నది అదే అనిపిస్తోంది. కాంట్రాస్ట్ పట్టుకోవడం వేరు, క్యాన్సర్ వేరు. ఎంఆర్ఐ గదిలో ఏం జరిగిందో అమ్మను అడిగితే చెబుతుంది. ముందు కొంతసేపు ఊరికే స్కాన్ తీస్తారు. తర్వాత బల్ల బయటికి లాగి, చేతికి ఉన్న సూది గుండా గాడోలినియం అనే మందు ఎక్కిస్తారు. అరవై కిలోల మనిషికి మామూలుగా పన్నెండు మిల్లీలీటర్ల దాకా పడుతుంది. మళ్లీ లోపలికి పంపి, ముందు తీసిన టీ1 అనే రకం బొమ్మలనే ఇంకోసారి తీస్తారు. మందు ఎక్కించకముందు బూడిద రంగులో ఉండి, ఎక్కించాక తెల్లగా మెరిసిన చోటును ‘ఎన్‌హాన్స్ అయింది’ అంటారు. మొదటి బొమ్మలోనే తెల్లగా ఉంటే లెక్కలోకి రాదు, ఎందుకంటే కొవ్వు, కొంత పాతబడిన రక్తం మందు లేకుండానే టీ1లో తెల్లగా కనిపిస్తాయి. అందుకే రిపోర్టు రాసేవాళ్లు ఒకే కోతను, అంటే తలను కోసి చూసినట్టు కనిపించే ఒకే చోటి బొమ్మను, ముందు, తర్వాత అని పక్కపక్కన పెట్టుకుని చూస్తారు.

ఆ మందు ఎందుకు ఒక చోట మెరుస్తుంది, ఇంకో చోట మెరవదు? మెదడులోని సన్నటి రక్తనాళాలకు గట్టి గోడ ఉంటుంది. రక్తంలో ఉన్న ప్రతిదాన్నీ అది మెదడులోకి రానివ్వదు. చెరువు కట్ట గట్టిగా ఉంటే నీళ్లు పొలంలోకి రానట్టే, ఈ గోడ బాగుంటే గాడోలినియం రక్తనాళంలోనే ఉండిపోతుంది. కాబట్టి మంచి మెదడు మెరవదు. గోడ దెబ్బతిన్నచోట, లేదా మొదటి నుంచీ అలాంటి గోడే లేని నాళాలున్నచోట మందు బయటికి కారి మెరుస్తుంది. దెబ్బ తినడానికి కారణం ట్యూమర్ కావచ్చు, చీము కావచ్చు, టీబీ కావచ్చు, మెదడులో చేరిన పురుగు చచ్చినప్పుడు వచ్చే వాపు కావచ్చు, కొన్ని రోజుల కిందటి పక్షవాతం కూడా కావచ్చు. ఇక గోడ లేని చోట్లు ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనూ ఉన్నాయి. పిట్యూటరీ గ్రంథి అందరికీ మెరుస్తుంది, ముక్కులోపలి పొర మెరుస్తుంది. నాకు తీసినా మెరుస్తాయి, మీ బావకు తీసినా మెరుస్తాయి.

మెనింజియోమా ఈ రెండో రకంలోకి వస్తుంది. అది మెదడులో పుట్టేది కాదు. మెదడు చుట్టూ, పుర్రె లోపల ఉండే పొరల కణాల నుంచి పుడుతుంది. దానికి రక్తం ఎక్కువగా వచ్చేది డ్యూరా అనే పైపొరకు వెళ్లే నాళాల నుంచి. వాటికి మెదడు నాళాల లాంటి గోడ ఉండదు. అందుకే మెనింజియోమా ఎంత నిదానంగా పెరిగేదైనా సరే, మందు పడగానే గట్టిగా, అంతా ఒకేలా మెరుస్తుంది. గట్టిగా మెరిసింది కాబట్టి చెడ్డదని కాదు, వేగంగా పెరుగుతోందనీ కాదు. ఎన్‌హాన్స్‌మెంట్ అంటే అక్కడి నాళాల నుంచి మందు బయటికి వచ్చిందని మాత్రమే. అది ఏమిటో తేల్చేది ఎక్కడ మెరిసింది, ఏ ఆకారంలో మెరిసింది, చుట్టూ ఏముంది అన్నవి.

ఇప్పుడు అమ్మ రిపోర్టు దగ్గరికి వద్దాం. అన్నిటికన్నా విలువైన మాట ‘ఎక్స్‌ట్రా ఆక్సియల్’. లీజన్ అంటే స్కాన్‌లో తేడాగా కనిపించిన చోటు, అది ఏ జబ్బైనా కావచ్చు. అమ్మకు అది మెదడు బయట ఉంది. డాక్టర్ దగ్గర సీడీ ఉంటే కంప్యూటర్‌లో టీ2 అనే ఇంకో రకం బొమ్మలు చూపించమనండి. చాలా మెనింజియోమాల్లో గడ్డకూ మెదడుకూ మధ్య తెల్లటి సన్నని గీత కనిపిస్తుంది. అది మెదడు చుట్టూ ఉండే నీరు. గడ్డ మెదడును పక్కకు నెట్టిందే తప్ప అందులోంచి పుట్టలేదని ఆ గీత చెబుతుంది. ‘డ్యూరల్ బేస్డ్’ అంటే దాని అడుగు భాగం వెడల్పుగా పొరకు అతుక్కుని ఉందని. ‘డ్యూరల్ టెయిల్’ అంటే గడ్డ అంచు నుంచి పక్క పొర వెంట తోకలా పోయిన మెరుపు. ‘కన్వెక్సిటీ’ అంటే పుర్రె గుండ్రంగా ఉండే పైభాగం. అడుగు ఎముకల్లోనో, కంటి నరం పక్కనో కాదు. ‘ఎడీమా లేదు’ అంటే పక్కనున్న మెదడుకు నీరు పట్టలేదు. ఈ మాటలన్నీ కలిపి చూస్తే రేడియాలజిస్టు మెనింజియోమా అని ఎందుకు రాశారో అర్థమవుతుంది. ఇలాంటి బొమ్మకు, ఇంతకుముందు క్యాన్సర్ లేని 57 ఏళ్ల ఆడమనిషిలో, మెనింజియోమాయే అన్నిటికన్నా ముందు వచ్చే పేరు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఇది ఎక్కువ.

కానీ రిపోర్టులో ‘కావచ్చు’ అన్న మాట ఊరికే రాయలేదు. డ్యూరల్ టెయిల్ మెనింజియోమాకే సొంతం కాదు. రొమ్ము క్యాన్సర్ లాంటివి పొర మీదికి పాకినప్పుడు కూడా అచ్చం ఇలాగే కనిపించగలవు. అరుదుగా పొరకు పట్టిన టీబీ కూడా. అందుకే రెండో పేరుగా డ్యూరల్ మెటాస్టాసిస్ అని రాశారు. దాన్ని చూసి గుండె ఆగినంత పని అయ్యుంటుంది మీకు. దాని అర్థం, ‘ఈ మనిషి చరిత్ర నాకు తెలియదు, తెలిసినవాళ్లు చూసుకోండి’ అని. ఆ చరిత్ర మీ దగ్గరే ఉంది, అందులో ఒక ముక్క మీ ఉత్తరంలో పూర్తిగా లేదు.

గర్భసంచి ఎందుకు తీశారు? మన జిల్లాల్లో ఆ ఆపరేషన్ తెల్లబట్టకూ, ఎక్కువ రక్తస్రావానికీ కూడా చేసేశారు కాబట్టి బహుశా అలాంటిదే అయ్యుంటుంది. అయినా ఆ పాత ఫైలు బీరువాలోంచి తీయండి. అందులో బయాప్సీ కాగితం ఉంటే న్యూరో డాక్టర్‌కు చూపించండి. ఆపరేషన్‌కు ముందు బ్లీడింగ్ ఆపడానికి ఏళ్లతరబడి హార్మోన్ గోళీలు వాడారా, మూడు నెలలకోసారి ఇంజెక్షన్ వేయించుకున్నారా అన్నదీ అడగండి. ఆ ఇంజెక్షన్‌లో ఉండే మెడ్రాక్సీప్రొజెస్టిరాన్‌ను చాలాకాలం వాడినవాళ్లలో మెనింజియోమా ఎక్కువగా కనిపిస్తున్నట్టు తేలింది. ఇప్పుడు అమ్మ అలాంటిదేమీ వాడకపోతే ఆ విషయం అంతటితో సరి. వాడుతుంటే మాత్రం ఆపడం గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. దీంతోపాటు ఒక లేడీ డాక్టర్‌తో రొమ్ములు పరీక్ష చేయించండి, మామోగ్రామ్ తీయించండి, ఛాతీ ఎక్స్‌రే తీయించండి. ఈ మధ్య బరువు తగ్గిందా, దగ్గు తగ్గకుండా ఉందా చూడండి. వీటన్నిటికీ రెండు మూడు రోజులు చాలు. ఇవి బాగుంటే రిపోర్టులోని ఆ రెండో పేరు బరువు చాలా తగ్గిపోతుంది. ఏదైనా తేడా కనిపిస్తే మాత్రం నేను కింద రాసే లెక్కలన్నీ మారతాయి. అప్పుడు ఆర్నెల్లు ఆగడం సరికాదు.

మీ వాడకట్టు పిల్లవాడి సంగతి. అతని రిపోర్టులో ‘రింగ్’ అన్న మాట ఉండి ఉంటుంది, వెళ్లి చూడండి. రింగ్ ఎన్‌హాన్సింగ్ అంటే మధ్యలో నల్లగా ఉండి చుట్టూ ఉంగరంలా మెరిసింది అని. మన దేశంలో పిల్లలకు, కుర్రవాళ్లకు ఫిట్స్ వచ్చి స్కాన్ తీస్తే తరచుగా కనిపించేది ఇదే. కారణాల్లో మొదటిది న్యూరోసిస్టిసర్కోసిస్, అంటే బద్దెపురుగు పిల్ల మెదడులో చేరడం. మలంతో కలుషితమైన నీళ్లు, కడగని ఆకుకూరల ద్వారా దాని గుడ్లు కడుపులోకి పోతాయి, అందువల్ల మాంసం ముట్టనివాళ్లకూ వస్తుంది. రెండోది టీబీ గడ్డ. పురుగైతే ఎక్కువగా రెండు సెంటీమీటర్లలోపు ఉంటుంది, ఉంగరం మధ్యలో పురుగు తల చిన్న చుక్కలా కనిపిస్తే ఇక అనుమానం ఉండదు. టీబీ గడ్డ కొంచెం పెద్దగా, అంచులు గరుకుగా, ఒక్కోసారి రెండు మూడు అతుక్కుని ఉంటుంది. పురుగుకు ఆల్బెండజోల్, వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇస్తారు. కొన్ని వాటంతటవే మానిపోతాయి. టీబీకి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం మందులు నడుస్తాయి. మొదటి నెలల్లో గడ్డ పెరిగినట్టు కనిపించి తర్వాత తగ్గడం కూడా ఉంది, అది చూసి మందు ఆపేసి ఇబ్బంది తెచ్చుకునేవాళ్లున్నారు. చీముగడ్డ, వేరే చోటి నుంచి పాకిన క్యాన్సర్, మెదడులోనే పుట్టే చెడ్డ ట్యూమర్ కూడా ఉంగరంలా మెరవగలవు. కాబట్టి ఉంగరం అన్నా కూడా ఒకే జబ్బు కాదు.

అమ్మది ఉంగరం కాదు, నిండుగా ఒకేలా మెరిసింది. మెదడులో లేదు, పొర మీద ఉంది. పురుగును చంపే మందుకూ, టీబీ మందుకూ అక్కడ పనిలేదు. మెనింజియోమాను కరిగించే గోళీ ఇప్పటివరకు లేదు. ఆ పిల్లవాడి గోళీలు తెచ్చి వేస్తే లాభం ఏమీ ఉండదు, లివర్ మీద భారం తప్ప. ఇంత తేడా ఉన్న రెండు జబ్బులకూ రిపోర్టులో ఒకే మాట రాయడం వల్లే ఈ గందరగోళం అనుకోండి.

ఇక ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారు కదా, ఇద్దరిలో ఒకరు మోసం చేస్తున్నారని అనుకోకండి. అమ్మలాంటి బొమ్మకు రెండు దారులూ ఉన్నవే. ఏ దారిలో ఏం దొరుకుతుంది, ఏం పోతుంది అన్నది చూసుకోవాలి.

ఆగి చూసే దారి. లక్షణాలు లేకుండా, వేరే దేనికోసమో స్కాన్ తీస్తే బయటపడిన చిన్న మెనింజియోమాల్లో చాలావరకు ఏళ్లతరబడి అలాగే ఉండిపోతాయి. పెరిగేవి కూడా ఎక్కువగా ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతాయి. అమ్మ గడ్డ ఎటు పోవచ్చో చెప్పే ఒక గుర్తు మీ దగ్గరే ఉన్న నల్లగొండ సీటీలో ఉంది. ఆ రిపోర్టులో ‘కాల్సిఫికేషన్’ అన్న మాట కోసం చూడండి. సున్నం పట్టిన మెనింజియోమాలు తక్కువగా పెరుగుతాయి. వయసు ఎక్కువగా ఉండడం, చుట్టూ వాపు లేకపోవడం, మూడు సెంటీమీటర్లలోపు ఉండడం కూడా అటువైపే చూపుతాయి. ఈ దారిలో ఉన్న నష్టం ఏమిటంటే, అది మెనింజియోమాయేనని ముక్క తీసి చూసి తేల్చుకోలేదు. ఎంఆర్ఐ గ్రేడ్ చెప్పలేదు. మెనింజియోమాలో గ్రేడ్ 1, 2, 3 అని ఉన్నాయి. దాదాపు ఎనభై శాతం గ్రేడ్ 1, అంటే క్యాన్సర్ కానివి. మిగతావి పెరిగే తీరులోనే ఎక్కువగా బయటపడతాయి. అందుకే ఆగడం అంటే ఊరుకోవడం కాదు, తేదీ రాసుకుని మళ్లీ స్కాన్ తీయించడం. ‘ఏం కాలేదుగా’ అని ఆ తేదీ దాటేసేవాళ్లకు ఈ దారి పనికిరాదు.

ఆపరేషన్ దారి. వచ్చే వారమే అన్న డాక్టర్ లెక్క కూడా ఊహించగలను. గడ్డ పైభాగంలో, చెయ్యి అందేచోట ఉంది. పూర్తిగా, అతుక్కున్న పొరతో సహా తీసేసే వీలు ఎక్కువ. అమ్మకు ఇంకా పాతికేళ్ల జీవితం ఉంది, డెబ్బై దాటాక చేయాల్సి రావడం కన్నా ఇప్పుడే నయం అని ఆయన అనుకుని ఉండవచ్చు. తీశాక బయాప్సీ వస్తుంది, పేరూ గ్రేడూ తేలిపోతాయి. మనసుకు ఆ తేలిక చిన్నది కాదు. కానీ పుర్రె తెరవాలి. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కాళ్ల నాళాల్లో రక్తం గడ్డకట్టడం, ఆపరేషన్ తర్వాత ఫిట్స్ మొదలవడం, ఇవి కొందరిలో జరుగుతాయి. ఎడమ ఫ్రంటల్‌లో, అంటే మెదడు ముందు భాగంలో ఎడమ పక్కన, కింది వైపు మాటకు సంబంధించిన చోటు ఉంటుంది. గడ్డ దానికి ఎంత దూరంలో ఉందో సర్జన్‌ను బొమ్మ మీద వేలుపెట్టి చూపించమనండి. అంతా బాగా జరిగినా మామూలు పనుల్లో పడడానికి నెల, నెలన్నర పడుతుంది. పూర్తిగా తీసేసినా మళ్లీ రాదన్న హామీ లేదు కాబట్టి స్కాన్లు ఆపరేషన్ తర్వాత కూడా ఉంటాయి. స్కాన్ల బెడద తప్పించుకోవడానికి ఆపరేషన్ చేయించుకుంటే ఆ లెక్క కుదరదు.

మూడో దారి రేడియోసర్జరీ, గామా నైఫ్, సైబర్ నైఫ్ అని వినే ఉంటారు. కోత ఉండదు. కిరణాలను అన్ని వైపుల నుంచీ ఒక్క చోటికి గురిపెట్టి పెరుగుదల ఆపుతారు. గడ్డ మాయం కాదు, అక్కడే ఉంటుంది, చాలామందిలో పెరగడం ఆగుతుంది. మూడు సెంటీమీటర్లలోపు గడ్డలకు బాగా పనికొస్తుంది. అయితే తర్వాతి నెలల్లో చుట్టూ వాపు రావచ్చు, పైభాగంలో ఉన్నవాటికి ఆ ఇబ్బంది కొంచెం ఎక్కువ. పైగా ముక్క తీయకుండా, పేరు తేలకుండానే కిరణాలు ఇచ్చినట్టవుతుంది. లోతుగా, కత్తి పెట్టలేని చోట ఉన్న గడ్డలకు, ఆపరేషన్ తట్టుకోలేని మనుషులకు దీని విలువ ఎక్కువ. అమ్మ విషయంలో, పెరుగుతోందని రుజువు లేకుండా దీనికి తొందరపడే కారణం నాకు కనిపించడం లేదు.

నా అభిప్రాయం దాచను. పైన చెప్పిన పరీక్షలు బాగుండి, అమ్మకు ఫిట్స్, బలహీనత లాంటివి లేకపోతే ఆగి చూసే దారి మీద నాకు భయం లేదు. ఆపరేషన్ తర్వాత కూడా చేయించవచ్చు, చేశాక వెనక్కి తీసుకోలేం. కానీ ‘తలలో గడ్డ పెట్టుకుని నేను నిద్రపోలేను’ అని అమ్మే అంటే, అది కూడా ఒక కారణమే. ఇప్పటిదాకా మీరు, మీ బావ, డాక్టర్లు మాట్లాడారు. అమ్మ ఏమంటోందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఆగేదైతే స్కాన్లు ఎలా తీయించాలో చెబుతాను, తప్పులు జరిగేది ఇక్కడే. మొదటి ఎంఆర్ఐ నుంచి ఆరు నెలలకు ఒకటి, కొందరు డాక్టర్లు మూడు నెలలకే అంటారు, అదీ తప్పు కాదు. అప్పుడు మార్పు లేకపోతే ఏడాదికొకటి. అయిదేళ్లు అలాగే ఉంటే రెండేళ్లకొకటి. వీలైతే అదే సెంటర్‌లో, అదే మెషిన్ మీద, సన్నని కోతలతో తీయమనండి. పాత సీడీ చేతిలో పెట్టి, ‘పాతదాంతో పోల్చి రాయండి’ అని ముందే చెప్పండి. ఫిల్మ్ ఒక్కటే ఇస్తే కుదరదు, సీడీ అడిగి తీసుకోండి.

ఎందుకంటే ఇలా జరుగుతుంది. ఇప్పుడు 22 × 18 × 19. మూడు అంకెలూ గుణించి సగం చేస్తే గడ్డ పరిమాణం సుమారు 3.8 మిల్లీలీటర్లు. ఆర్నెల్ల తర్వాత వేరే సెంటర్‌లో తీస్తే 23 × 19 × 20 అని వచ్చిందనుకుందాం. లెక్క వేస్తే 4.4. ‘పెరిగింది’ అని ఇల్లంతా టెన్షన్. కానీ అన్ని వైపులా ఒక్క మిల్లీమీటర్ తేడా అంటే కోత మందం వల్ల, తల కొంచెం ఒరగడం వల్ల, కొలిచిన మనిషి మారడం వల్ల కూడా రావచ్చు. అదే 24 × 20 × 21 అయితే పరిమాణం 5 దాటుతుంది, దాదాపు మూడో వంతు ఎక్కువ. దీన్ని పట్టించుకోవాలి, పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ ఒకే మనిషి ఒకేరోజు కొలిచి చూడాలి. అది కూడా పెరుగుదలే అని తేలితే అప్పుడు ఆపరేషన్ మాట మళ్లీ వస్తుంది. రెండు సార్లు వరుసగా పెరిగితే నేను కూడా ఆపరేషనే అంటాను. ఒక్క అంకె చూసి నిర్ణయం తీసుకోకండి, మూడు స్కాన్ల వరుస చూడండి. ఇక చుట్టూ కొత్తగా వాపు వచ్చినా, అంచులు గరుకుగా మారినా అంకెలు అలాగే ఉన్నాసరే డాక్టర్‌కు చూపించాలి.

తేదీ దాకా ఆగకూడని సందర్భాలు కొన్ని. ఫిట్స్ రావడం, కుడి చెయ్యి కుడి కాలు పట్టు తప్పడం, మాట తడబడడం లేదా మాట దొరకకపోవడం, మనిషి తీరు మారిపోవడం, పొద్దున లేవగానే వాంతులతో పెరుగుతున్న తలనొప్పి. వీటిలో ఏది వచ్చినా ఆ రోజే వెళ్లాలి. ఇప్పుడున్న అప్పుడప్పటి తలనొప్పి మాత్రం ఈ గడ్డ వల్ల కాకపోవచ్చు. వాపు లేని రెండు సెంటీమీటర్ల గడ్డ సాధారణంగా నొప్పి పుట్టించదు. మెడ పట్టేసిన మనిషికి తల వెనక నుంచి నొప్పి రావడం మామూలే. బీపీ, కళ్లద్దాలు కూడా చూపించండి. ఆపరేషన్ చేస్తే తలనొప్పి పోతుందన్న ఆశతో మాత్రం చేయించవద్దు.

ఫిట్స్ గోళీల గురించి. ఒక్కసారి కూడా ఫిట్స్ రానివాళ్లకు ముందుజాగ్రత్తగా ఇవ్వాల్సిన అవసరం సాధారణంగా లేదు. లెవెటిరాసిటమ్ అయితే కొందరిలో చిరాకు, కోపం పెరుగుతాయి, ఇంట్లోవాళ్లు గడ్డ వల్ల మనిషి మారిపోయిందనుకుని భయపడతారు. అయినా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. రెండో డాక్టర్‌ను అడిగి, ఆపమంటే ఆయన చెప్పినట్టు తగ్గిస్తూ ఆపండి.

నొప్పి గోళీల మాట మీరు రాయకపోతే నేనే అడిగేవాణ్ని. ఏళ్లతరబడి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ లాంటివి వాడినవాళ్లకు కిడ్నీ దెబ్బతిని ఉండవచ్చు, బయటికి ఏమీ తెలియదు. కిడ్నీ బాగా తగ్గిపోయినవాళ్లకు కొన్ని రకాల గాడోలినియం మందులు చర్మం, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు తెచ్చాయి. అందుకే ప్రతి కాంట్రాస్ట్ స్కాన్‌కు ముందు క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి, ఆ కాగితం సెంటర్‌లో చూపించండి. కిడ్నీ సరిగా లేకపోయినా దారి మూసుకుపోదు. పైభాగంలో ఉన్న ఈ గడ్డను కాంట్రాస్ట్ లేకుండా టీ2 బొమ్మల మీద కూడా చాలావరకు కొలవవచ్చు. ఇంకొకటి, నడుము వంగిపోయిన మనిషి ఎంఆర్ఐ బల్ల మీద అరగంట కదలకుండా పడుకోవడం కష్టం. కదిలితే బొమ్మ మసకబారి కొలతలు తప్పుతాయి. మోకాళ్ల కింద దిండు పెట్టమని, మెడ కింద గుడ్డ మడిచి పెట్టమని టెక్నీషియన్‌కు ముందే చెప్పండి.

నీళ్ల సంగతి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఎంత మందిని వంచేసిందో నాకు చెప్పక్కర్లేదు. అమ్మ మెడ, నడుము పట్టేయడానికి అదే కారణమై ఉండవచ్చు. అది పళ్లనూ ఎముకలనూ తినే విషం. మెనింజియోమాకు దానితో సంబంధం ఉందని తేలలేదు. తెలిసిన కారణాలు తలకు రేడియేషన్ తగలడం, కొన్ని హార్మోన్లు, న్యూరోఫైబ్రోమాటోసిస్ టైప్ 2 అనే వంశపారంపర్య జబ్బు. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. మీకూ చెల్లెకూ ముందుజాగ్రత్తగా స్కాన్ తీయించే పనిలేదు.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. మెదడు గడ్డ ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది, ఏడాదికి పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఊరికే బయట తీయించే ఫాలో అప్ స్కాన్లకు మాత్రం చేతి డబ్బు పెట్టుకోవాల్సి రావచ్చు. ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు అక్కడి ఆరోగ్యమిత్ర దగ్గర కనుక్కోండి. మూడో అభిప్రాయం కావాలంటే పంజగుట్ట నిమ్స్‌లో న్యూరోసర్జరీ ఓపీ ఉంది, సీటీ, ఎంఆర్ఐ రెండు సీడీలూ, గర్భసంచి ఫైలూ పట్టుకుని పోండి.

చెల్లె పెళ్లి కోసం ఆపరేషన్ ముందుకో వెనక్కో జరపాలా అంటే, ఆగే దారి పట్టుకుంటే జరపాల్సిందేమీ లేదు. మాఘం ఎలాగూ మీ ఆరు నెలల లోపే వస్తుందో దాటి వస్తుందో క్యాలెండర్ చూసుకుని, స్కాన్ తేదీ పెళ్లి వారంలో పడకుండా పది రోజులు అటో ఇటో పెట్టుకోండి. పది రోజులతో ఏమీ కాదు. పెళ్లి పనుల్లో పడి ఏడాది దాటిపోకుండా మాత్రం ఆ తేదీని ఇప్పుడే సెంటర్‌లో రాయించుకోండి.